జిల్లా మార్చినా మారని మండలాలు

ఆన్‌లైన్‌లో ఏ దరఖాస్తు నింపబోయినా ముందు జిల్లా అడుగుతుంది, తర్వాత మండలం, ఆపైన గ్రామం. జిల్లా ఎంచుకోగానే ఆ జిల్లా మండలాలే కింది జాబితాలోకి రావాలి. ఒక్కోసారి రావు. పొరపాటున చిత్తూరు నొక్కి, వెంటనే తిరుపతికి మార్చుకున్నామనుకోండి. కింద ఇంకా గుడిపాల, యాదమరి, గంగాధర నెల్లూరు పేర్లే కనిపిస్తాయి. చంద్రగిరి కోసం ఎంత వెతికినా దొరకదు. నెట్ సెంటర్లో కూర్చుని ఫారం నింపుతున్న పిల్లకు తానే ఏదో తప్పు నొక్కానేమో అనిపిస్తుంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఫారం తయారుచేసిన తీరులోనే లోపం ఉంది.

మండలాల పేర్లన్నీ సాధారణంగా ఆ పేజీలోనే ఉండవు. జిల్లా ఎంచుకున్న ప్రతిసారీ పేజీ సర్వర్‌ను అడుగుతుంది, సర్వర్ ఆ జిల్లా మండలాల జాబితా పంపుతుంది, పేజీ దాన్ని తెచ్చి రెండో పెట్టెలో నింపుతుంది. అడగడానికీ జవాబు రావడానికీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. మంచి నెట్ ఉన్నచోట అది కంటికి ఆనదు. సిగ్నల్ సరిగ్గా అందని ఊళ్లో అదే నాలుగైదు సెకన్లు కావచ్చు. అంతసేపూ రెండో పెట్టెలో పాత జాబితాను అలాగే ఉంచేస్తే, చూసేవాళ్లు అదే కొత్త జాబితా అనుకుని అందులోంచే ఒకటి ఎంచేస్తారు.

ఇంతకన్నా చిక్కైన తప్పు ఇంకొకటుంది. చిత్తూరు నొక్కినప్పుడు ఒక అభ్యర్థన వెళ్లింది, తిరుపతి నొక్కినప్పుడు రెండోది వెళ్లింది. ముందు వెళ్లిన దానికే ముందు జవాబు వస్తుందన్న హామీ ఏమీ లేదు. ఇద్దరు పిల్లల్ని చెరో కొట్టుకు పంపితే ముందు బయల్దేరినవాడే ముందు తిరిగిరావాలని లేదు కదా. తిరుపతి జవాబు అర సెకనులో వచ్చి చంద్రగిరి, రేణిగుంట, ఏర్పేడు సరిగ్గానే కనిపించాయి. మూడో సెకనులో చిత్తూరు జవాబు తీరిగ్గా వచ్చి వాటిని చెరిపేసి తన మండలాలు పెట్టేసింది. పైన తిరుపతి, కింద గుడిపాల. మౌస్ చక్రం తిప్పుతూనో, కీబోర్డులో బాణం మీటలు నొక్కుతూనో జిల్లాలు మార్చేవాళ్లకు ఇది ఎక్కువగా ఎదురవుతుంది, ఎందుకంటే దారిలో తగిలిన ప్రతి జిల్లాకూ ఒక్కో అభ్యర్థన వెళ్లిపోతుంటుంది. ఫారం రాసినవాళ్లకు మాత్రం ఇది కంటపడదు. ఆఫీసు నెట్ వేగంగా ఉంటుంది, వాళ్లు జిల్లాను ఒక్కసారే ఎంచి చూస్తారు.

దీన్ని సరిచేయడానికి పెద్ద ప్రోగ్రామేమీ అక్కర్లేదు. జిల్లా మారినప్పుడు నడిచే కోడ్‌లో ఈ వరుసలుంటే చాలు:

```javascript
const wanted = district.value;
mandal.replaceChildren();
village.replaceChildren();
mandal.disabled = village.disabled = true;
const list = await getMandals(wanted);
if (district.value !== wanted) return;
fillMandals(list);
mandal.disabled = false;
```

మొదట ఏ జిల్లా కోసం అడుగుతున్నామో గుర్తుపెట్టుకుంటున్నాం. జవాబు కోసం ఆగకుండా ముందే పాత పేర్లు తీసేసి, పెట్టెను ఎవరూ నొక్కకుండా మూసేస్తున్నాం. జవాబు వచ్చాక, ఇప్పటికీ అదే జిల్లా ఎంపికై ఉందా అని చూస్తున్నాం. లేకపోతే ఆ జవాబును పక్కన పడేస్తున్నాం. ఆలస్యంగా వచ్చిన చిత్తూరు జాబితా ఆ `if` దగ్గరే ఆగిపోతుంది. అయితే `fillMandals` కూడా ముందు పెట్టె ఖాళీ చేసి తర్వాతే నింపాలి. చిత్తూరు, తిరుపతి, మళ్లీ చిత్తూరు అని మార్చినవాళ్లకు చిత్తూరు జవాబులు రెండు వస్తాయి. ఉన్నవాటి కిందే చేర్చుకుంటూ పోతే ఒక్కో మండలం రెండుసార్లు కనిపిస్తుంది. జవాబు అసలు రాకపోతే ఏం చేయాలో కూడా రాసుకోవాలి. లేకుంటే మూసిన పెట్టె మూసినట్టే ఉండిపోతుంది.

గ్రామం పెట్టెను విడిగా ఖాళీ చేయడం చాలామంది మరిచిపోతారు. మండలం మారితే గ్రామం దానంతటదే మారుతుందిలే అనుకుంటారు. కానీ మనిషి చేత్తో మార్చినప్పుడే బ్రౌజర్ `change` అనే సంకేతం ఇస్తుంది. కోడ్ మార్చినప్పుడు ఇవ్వదు. అందుకే కొన్ని ఫారాల్లో మండలం ఖాళీగా ఉన్నా, పాత జిల్లాలోని ఊరి పేరు కింద అలాగే కనిపిస్తూ ఉంటుంది.

తెర మీది తప్పు అక్కడితో ఆగితే ఫరవాలేదు. సర్వర్‌కు వెళ్లేది మండలం పేరు కాదు, దాని కోడ్. కొన్ని ఫారాల్లో ప్రతి జిల్లాకూ 1, 2, 3 అని వరుస సంఖ్యలు వేసేస్తారు. అప్పుడు చిత్తూరు జాబితాలో 3 గుడిపాల అయితే, తిరుపతి జాబితాలో 3 రేణిగుంట కావచ్చు. గుడిపాల అని చూసి నొక్కిన మనిషి దరఖాస్తు తిరుపతి జిల్లా రేణిగుంట పేరున నమోదైపోతుంది. సర్వర్‌కు ఇందులో తేడా ఏమీ కనిపించదు, తిరుపతిలో 3 అనేది ఉంది మరి. ప్రతి మండలానికీ దేశమంతటికీ ఒకటే కోడ్ ఉంటే ఈ ప్రమాదం ఉండదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో అలాంటి కోడ్‌లున్నాయి. వాటిని వాడి, ఈ మండలం ఈ జిల్లాదేనా అని దరఖాస్తు తీసుకునే ముందు సర్వర్ మరొక్కసారి చూసుకుంటే తప్పుడు జోడీ అక్కడే తిరిగివస్తుంది. తెర మీద ఎన్ని జాగ్రత్తలు పెట్టినా ఈ తనిఖీ తప్పనిసరి అని నా గట్టి నమ్మకం.

దరఖాస్తు నింపేవాళ్లు జిల్లా మార్చాక ఒక్క క్షణం ఆగి, కింది జాబితాలో తమకు తెలిసిన పక్క మండలం పేరు ఉందో లేదో చూసుకోవడం మంచిది. లేకపోతే జిల్లా పెట్టెను మళ్లీ ‘ఎంచుకోండి’ దగ్గరికి తెచ్చి, రెండు మూడు సెకన్లు ఆగి, తమ జిల్లా ఎంచుకోవాలి. చివరి బటన్ నొక్కేముందు చూపించే నమూనాలో జిల్లా, మండలం, గ్రామం మూడూ కలిపి చదవాలి.

మన రెండు రాష్ట్రాల్లో ఇంకో మెలిక ఉంది. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పటిదాకా చిత్తూరు జిల్లాలో ఉన్న శ్రీకాళహస్తి ఆ రోజు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 2021లో చిత్తూరు, శ్రీకాళహస్తి అని నమోదైన ఒక రికార్డును ఫోన్ నంబరు మార్చడానికి ఈరోజు తెరిచారనుకోండి. జిల్లా పెట్టె చిత్తూరు అని చూపిస్తుంది. చిత్తూరు మండలాల కొత్త జాబితాలో శ్రీకాళహస్తి లేదు. ఏది ఎంచాలో చెప్పనప్పుడు బ్రౌజర్ జాబితాలోని మొదటి పేరును చూపిస్తుంది. మనిషి నంబరు మార్చి సేవ్ నొక్కుతాడు. మండలం వైపు అతని చూపే పోదు, కానీ ఆ మొదటి పేరే అతని మండలంగా నమోదైపోతుంది. ఇలాంటి పాత రికార్డు తెరిచినప్పుడు ఫారం శ్రీకాళహస్తిని తీసేయకూడదు. ‘పాత నమోదు’ అని పక్కన రాసి అలాగే చూపించి, జిల్లా మారింది, సరిచూసుకోండి అని అడగాలి. అతను తిరుపతిని ఎంచుకునేదాకా జిల్లా, మండలం గడులను సేవ్ చేయకుండా ఫోన్ నంబరు ఒక్కటే మార్చాలి.