కుళ్లిన మూడు కిలోల ఖరీదు

రైతుబజారు పక్కన తోపుడుబండి మీద టమాటా అమ్మే వ్యాపారి 25 కిలోల క్రేటును 500 రూపాయలకు కొన్నాడనుకుందాం. హమాలీ, ఆటో కలిపి మరో 50. కిలో 22 పడింది, 30కి అమ్మితే లాభం 36 శాతం అనిపిస్తుంది.

కానీ అడుగున నలిగి నీరు కారేవి మూడు కిలోలు ఏరేయాలి. 550 రూపాయల భారమూ మిగిలిన 22 కిలోల మీదే పడుతుంది కాబట్టి అసలు ధర కిలోకు 25. అమ్మకం 660, లాభం 110. పెట్టుబడి మీద 20 శాతమే.

త్రాసు మొగ్గు చూపాలని కిలోకు 50 గ్రాములు ఎక్కువ తూచినా దాదాపు ఒక కిలో పోతుంది. అప్పుడు లాభం 80 రూపాయలు, అంటే 14.5 శాతం. అందుకే ధర చెప్పేముందు క్రేటును గోనెపట్టా మీద కుమ్మరించి, ఏరి, మిగిలింది తూచుకోవాలి.