కిలోమీటరు పేస్, మైలు పేస్

హైదరాబాద్‌లో పరుగు నేర్చుకున్నవాళ్ల మధ్య ‘ఐదు నలభై’ అంటే వేరే వివరణ అక్కర్లేదు. కిలోమీటరుకు 5 నిమిషాల 40 సెకన్లు. అదే మనిషి ఉద్యోగం మీద డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లి అక్కడి రన్నింగ్ గ్రూపులో చేరితే, ‘ఆదివారం లాంగ్ రన్, పది నిమిషాల పేస్’ అని కబురొస్తుంది. మన లెక్కలో పది నిమిషాలంటే చురుకైన నడక. వాళ్లు చెప్పింది మైలుకు పది నిమిషాలు, అంటే కిలోమీటరుకు దాదాపు 6:13. ఇక అమెరికన్ కోచ్‌ల శిక్షణ చార్టుల్లో చాలావరకు మైళ్లే ఉంటాయి కాబట్టి, హైదరాబాద్‌లోనే ఉండి అలాంటి చార్టు పట్టుకున్నవాళ్లకూ ఇదే చిక్కు.

మైలుకు 1.609344 కిలోమీటర్లు. మైలు పొడవైనది కనుక దానికి పట్టే నిమిషాలూ ఎక్కువే. అందుకే పేస్‌ను కిలోమీటరు నుంచి మైలుకు మార్చేటప్పుడు గుణించాలి. వేగమైతే దీనికి తిరగబడుతుంది: గంటకు ఇన్ని కిలోమీటర్లన్న లెక్కను మైళ్లకు మార్చాలంటే భాగించాలి. ట్రెడ్‌మిల్ మీద కనిపించేది సాధారణంగా వేగం, చార్టులో రాసేది పేస్. ఈ రెంటినీ కలిపేసుకున్నవాళ్లే ఎక్కువగా తారుమారు పడతారు.

నాలుగు గంటల్లో మారథాన్ పూర్తి చేయాలనుకునే ఒకరి లెక్కే చేసి చూద్దాం. 42.195 కిలోమీటర్లను 14,400 సెకన్లలో పరిగెత్తాలి. కిలోమీటరుకు 341 సెకన్ల పైచిలుకు, అంటే 5:41. దీన్ని మైలుకు మార్చడానికి ముందు మొత్తం సెకన్లు చేసుకోవాలి. 341ని 1.609344తో గుణిస్తే 548.8 సెకన్లు. దాన్ని మళ్లీ నిమిషాల్లోకి తెస్తే 9 నిమిషాలు పోను 8.8 సెకన్లు మిగులుతాయి. చార్టులో 9:09 అని రాసుకోవచ్చు.

సెకన్లు చేసే ఆ మొదటి అడుగు మానేస్తేనే అసలు గొడవ. క్యాలిక్యులేటర్‌లో 5:41ని 5.41 అని కొట్టేస్తారు. గుణిస్తే 8.7 వస్తుంది. ఆ దశాంశాన్ని సెకన్లుగా మారిస్తే 8:42. చూడడానికి ఎంతో సబబుగా కనిపించే అంకె. కానీ మైలుకు 8:42 పేస్‌తో మారథాన్ 3 గంటల 48 నిమిషాల్లో అయిపోతుంది! నాలుగు గంటలకు తయారైనవాళ్లు ఆ పేస్‌తో బయల్దేరితే ఇరవయ్యో మైలు దగ్గర ఏమవుతుందో మారథాన్ పరిగెత్తిన ఎవరినడిగినా చెబుతారు. తప్పు దొరలడానికి కారణం ఒక్కటే: నిమిషానికి అరవై సెకన్లు, దశాంశానికి వంద భాగాలు.

ఇలాంటి పొరపాటును పట్టుకోవడానికి నోటి లెక్క ఒకటుంది. కిలోమీటరు పేస్‌కు అందులో సగం, పదో వంతు కలపండి. 5:41కి సగం 2:50, పదో వంతు 34 సెకన్లు, మొత్తం 9:05. ఇది 1.6తో గుణించినట్టు. అసలు సంఖ్య అంతకంటే కాస్త పెద్దది కాబట్టి జవాబు 9:05 కంటే కొంచెం ఎక్కువే రావాలి, ఎప్పటికీ తక్కువ కాకూడదు. 8:42 వచ్చిందంటే ఎక్కడో దెబ్బతిన్నట్టే. 5:00 నుంచి 6:30 లోపు పేస్‌లకు చివర మరో మూడు సెకన్లు కలిపితే జవాబు దాదాపు సరిగ్గా కూర్చుంటుంది.

మొత్తం చార్టుకు ప్రతి గడినీ గుణించనక్కర్లేదు. కిలోమీటరుకు 5 సెకన్లు పెరిగితే మైలుకు 8 సెకన్లు పెరుగుతాయి. 5:00కి 8:03 అని రాసుకుని, అక్కణ్నుంచి ఎనిమిదేసి కలుపుకుంటూ పోతే 5:30కి 8:51, 6:00కి 9:39 వస్తాయి. ఇంకా కిందికి వెళ్తే ఒకటో అరో సెకను తేడా పడుతుంది కాబట్టి 6:30 దగ్గర ఒకసారి గుణించి సరిచూసుకోండి. 10:28 రావాలి.

స్ప్రెడ్‌షీట్‌లో చేసేవాళ్లకు ఒక మాట. గడిలో 5:41 అని కొడితే అది దాన్ని ఐదు గంటల నలభై ఒక్క నిమిషాలనుకుంటుంది. విచిత్రంగా మైలు లెక్క అప్పటికీ సరిగానే కనిపిస్తుంది, ఎందుకంటే గంటలో అరవై నిమిషాలు, నిమిషంలో అరవై సెకన్లు. మొత్తం రేసు సమయం కట్టేటప్పుడు మాత్రం బండారం బయటపడుతుంది. కాబట్టి `0:05:41` అని కొట్టి, పక్క గడుల్లో ఇలా రాసుకోండి:

```
=A2*1.609344
=A2*42.195
```

మొదటి దానికి `[m]:ss`, రెండో దానికి `[h]:mm:ss` ఫార్మాట్ పెడితే నిమిషాలు, గంటలు సక్రమంగా కనిపిస్తాయి.

సెకన్లను సరిచేసి రాసేటప్పుడు ఏ వైపు సరిచేస్తున్నారన్నది చూసుకోవాలి. 9:09ని గుర్తుండడానికి బాగుంటుందని 9:10 చేస్తే మారథాన్ 4 గంటల 20 సెకన్లవుతుంది. ఏళ్లుగా అనుకున్న నాలుగు గంటలు ఒక్క సెకను సర్దుబాటుతో పోతుంది. పోనీ 1.6తోనే సరిపెట్టుకుంటే మైలుకు మూడు సెకన్లు వేగం ఎక్కువై, చివరికి నిమిషంన్నర దాకా ముందుంటారు. తీరిగ్గా చేసే పరుగులకు ఆ తేడా లెక్కలోకి రాదు. రేసు పేస్ గడిలో మాత్రం దాన్ని ఉంచకపోవడమే మేలు.

చార్టులో మార్చాల్సింది పేస్ ఒక్కటే కాదు. ‘మైలు రిపీట్స్, 8:00’ అని ఉంటే చాలామంది స్టేడియం ట్రాక్ మీద నాలుగు రౌండ్లు కొట్టి గడియారం ఆపేస్తారు. నాలుగు రౌండ్లంటే 1600 మీటర్లు. మైలుకు ఇంకా తొమ్మిది మీటర్ల పైచిలుకు తక్కువ. ఆ నాలుగు రౌండ్లు 7:57లో అయితేనే మైలుకు 8:00 పేస్ అయినట్టు. చిన్న తేడాయే, కానీ ప్రతి రిపీట్‌లోనూ ఉంటుంది.

చేతి వాచీ సంగతి వేరు. జీపీఎస్ వాచీ మారథాన్ దూరాన్ని తరచూ కాస్త ఎక్కువ చూపిస్తుంది. మలుపుల దగ్గర మనం కొలిచిన దారి కంటే కొంచెం ఎక్కువ పరిగెత్తుతాం, ఎత్తైన భవనాల మధ్య సిగ్నల్ కూడా అటూ ఇటూ ఊగుతుంది. వాచీ ముగింపు దగ్గర 42.6 కిలోమీటర్లు చూపిస్తే, దారి పొడుగునా 5:41 కనిపించినా మీకు పట్టింది 4 గంటల 2 నిమిషాలు. అందుకే వాచీ పేస్‌ను నమ్ముకోవడం కంటే దారిలోని మైలు బోర్డుల దగ్గర గడిచిన సమయం చూసుకోవడం మంచిది. అదీ మీరు స్టార్ట్ లైను దాటినప్పుడు మొదలుపెట్టిన సమయమే కావాలి. బోర్డుల పక్కన పెట్టిన పెద్ద గడియారం తుపాకీ పేలినప్పటి నుంచి నడుస్తుంటుంది.

నాలుగు గంటల వాళ్లు మణికట్టు పట్టీ మీద నాలుగు అంకెలు రాసుకుంటే చాలు. 10వ మైలుకు 1:31:30, సగం దూరానికి 2:00:00 లోపు, 20వ మైలుకు 3:03:00, 26వ మైలుకు 3:57:54. మారథాన్ అంటే 26 మైళ్ల 385 గజాలు. ఆ చివరి 385 గజాలకు మైలుకు 9:09 పేస్‌లో సరిగ్గా రెండు నిమిషాలు పడుతుంది. కాబట్టి 26వ మైలు బోర్డు దగ్గర మీ వాచీ 3:58 దాటి ఉంటే, ఆ కాస్త దూరమూ పేస్ పెంచి పరిగెత్తాల్సిందే.