ఎదురెదురు కొట్లు... ఎదురులేని ఎత్తులు!

(కథానిక)

ఈ కథలోని వీధి ఏ ఊళ్లోనైనా ఉండవచ్చు. ఒక వైపు రామాలయం, మరో వైపు బస్సులాగే రావిచెట్టు, నడుమ ఎదురెదురుగా రెండు కిరాణా కొట్లు. తూర్పు కొట్టు ఆసామి వయసులో పెద్ద. పడమటి కొట్టు ఆసామి ఒకప్పుడు ఆ తూర్పు కొట్టులోనే పొట్లాలు కట్టినవాడు. సొంత కొట్టు పెట్టుకున్న తర్వాత కూడా ఇద్దరూ "అన్నా", "తమ్ముడూ" అనే పిలుచుకునేవారు. చిల్లర లేకపోతే ఒకరి గల్లాపెట్టెలోంచి మరొకరు తీసుకునేవారు.

సంక్రాంతికి నెల ముందు ఆ పిలుపులు ఆగిపోయాయి. కారణం ఒక బల్ల. బస్సు కోసం నిలబడేవారు కూర్చుంటారని పడమటి కొట్టాయన తన అరుగు ముందు బల్ల వేయించాడు. కూర్చున్నవాళ్లు సోడా అడిగారు, ఆపై సబ్బు అడిగారు, చివరకు నెల సరుకులూ అక్కడే కట్టించుకున్నారు. మర్నాడే తూర్పు కొట్టు ముందు రెండు బల్లలు వెలిశాయి. వారం తిరిగేసరికి పడమట వైపు బల్లకు గొడుగు, తూర్పు వైపు బల్లలకు ఫ్యాను అమిరాయి. తూర్పు ఆసామి అంతటితో ఊరుకోక 9 వేల రూపాయలు పెట్టి కొత్త బోర్డు, రంగు దీపాలు వేయించాడు.

అరిచే పెట్టెలు

ఇద్దరి దగ్గరా ఫోనులో డబ్బు పడితే పైకి చెప్పే చిన్న పెట్టెలున్నాయి. ఎదుటి పెట్టె ఎన్నిసార్లు అరిచిందో లెక్కపెట్టడం ఇద్దరికీ వ్యసనమైంది. పడమటి ఆసామి ఒక ఉపాయం పన్నాడు. లోపలి గదిలో బావమరిదిని కూర్చోబెట్టి మాటిమాటికీ డబ్బు పంపించాడు. పెట్టె అరుస్తూనే ఉంది. కాని బావమరిది పొదుపరి. ప్రతిసారీ ఒక్క రూపాయే పంపాడు. "ఒక రూపాయి అందింది" అని పెట్టె పదిసార్లు అరిచేసరికి వీధంతా నవ్వింది.

ఆ నవ్వుకు బదులుగా అతడు తూర్పు కొట్టు కాటాపై తూనికలు, కొలతల శాఖకు ఆకాశరామన్న ఉత్తరం రాశాడు. అధికారి వచ్చాడు. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ముద్ర వేయించాలి. తూర్పు కాటాకు ముద్ర సరిగానే ఉంది. వచ్చినవాడు ఎలాగూ వచ్చాడు గనుక ఎదుటి కొట్టులోనూ చూశాడు. అక్కడ ముద్ర గడువు దాటి మూడు నెలలైంది. పైగా పండుగ రద్దీ కోసం పంచదారను ముందే కిలో సంచుల్లో కట్టి పేర్చి ఉంచారు. కొనేవాడి ఎదుట తూచి ఇస్తే చీటీ అక్కర్లేదు. ముందే కట్టి అమ్మితే మాత్రం కట్టినవారి పేరు, బరువు, తేదీ, ధర దానిపై ఉండాలి. రాసిన ఉత్తరం రాసినవాడి మెడకే చుట్టుకుంది. జరిమానా అతడే కట్టాడు.

పంచదార యుద్ధం

అసలు పోరు అప్పుడు మొదలైంది. టోకు వ్యాపారి దగ్గర 50 కిలోల పంచదార బస్తా 2,100 రూపాయలు. బండి కిరాయి, దింపుడు కూలి కలిపి 30. బస్తా విప్పి తూచేటప్పుడు ఒలికిపోయేది, సంచుల ఖర్చు చూసుకుంటే కిలో 43 రూపాయలు పడుతుంది. ఇద్దరూ 45కు అమ్మేవారు. తూర్పు ఆసామి 42 అని పలక కట్టాడు. ఎదుట 41 అని పలక లేచింది. తూర్పున 40 అయింది. "మనిషికి 2 కిలోలే, రొక్కమే" అని కింద రాశాడు.

కిలోకు 3 రూపాయలు నష్టమని అతనికి తెలియక కాదు. పంచదారకు వచ్చినవాడు పప్పు, నూనె కూడా పట్టుకెళ్తాడని, వాటి మీద పూడ్చుకోవచ్చని లెక్క. నాలుగు రోజులకొక బస్తా అమ్మేవాడు రోజుకొక బస్తా దాటి అమ్మసాగాడు. పది రోజుల్లో 12 బస్తాలు ఖాళీ. "తమ్ముడి కొట్టు ఇక మూసినట్టే" అని ఇంట్లో చెప్పుకున్నాడు.

కాని పప్పు డబ్బా మూత తీసే పని పడలేదు. వచ్చేవాళ్లందరూ పిల్లలే. వచ్చినవాడే మళ్లీ చొక్కా మార్చుకుని వస్తున్నాడు. ఆసామికి అనుమానం తగిలింది. ఒక రాత్రి కొత్త బస్తాలో గుప్పెడు లవంగాలు కలిపాడు. మర్నాడు సాయంత్రం చెల్లెలిని పంపి పడమటి కొట్టులో కిలో పంచదార తెప్పించి పళ్లెంలో పోశాడు. నాలుగు లవంగాలు బయటపడ్డాయి!

సంగతేమిటంటే పడమటి ఆసామి టోకు పంచదార కొనడమే మానేశాడు. వీధి పిల్లలకు విడతకొక రూపాయి చాక్లెట్ ఇచ్చి, ఎదుటి కొట్టులో 40కి కొనిపించి, తన కొట్టులో 41కి అమ్ముతున్నాడు. రూపాయి ఎక్కువైనా అతని దగ్గర గిరాకీ ఎందుకంటే అతడు ఖాతా మీద ఇస్తాడు. కూలి డబ్బు వారానికోసారి చేతికొచ్చే ఇళ్లవాళ్లకు 40 రొక్కం కన్నా 41 అరువే నయం.

బస్తాలు పోయి బాకీలు మిగిలాయి

టోకు వ్యాపారి గుమస్తా 15 రోజుల గడువు తీరి వసూలుకు వచ్చాడు. తూర్పు ఆసామి 12 బస్తాలకు 25,200 కట్టాలి. అమ్మితే వచ్చినది 24 వేలు. అందులో 9 వేలు బోర్డుకు, దీపాలకు పోయాయి. బండి కూలి పోను 10 వేల పైచిలుకు తక్కువ పడింది. ఎప్పుడూ ఖాతా వసూళ్లతో సర్దుకునేవాడు. ఈసారి ఖాతా పుస్తకం తీస్తే 31 ఇళ్లు కలిపి 22 వేలు బాకీ. ఆ ఇళ్లవాళ్లెవరూ మెట్టెక్కడం లేదు. బాకీ ఉన్నవాడికి ఆ కొట్టు ముఖం చూడాలంటే సిగ్గు. ఎదుట అరువు దొరుకుతుంటే ఇటు ఎందుకు వస్తాడు?

గుమస్తా వీధి దాటి పడమటి కొట్టుకు వెళ్లాడు. అక్కడా ఇదే పాట. ఎనిమిది బస్తాల సరుకు, అంటే 400 కిలోలు, రొక్కం పోసి కొన్నాడు. 16 వేలు చేతిలోంచి వెళ్లాయి. కిలోకు రూపాయి చొప్పున 400 లాభం, చాక్లెట్లకు 200 పోగా మిగిలింది 200. అదీ పుస్తకంలోనే. పప్పు, నూనెల బాకీ కట్టడానికి గల్లాపెట్టెలో 700 లేవు.

"సోమవారంలోగా కట్టకపోతే ఇద్దరికీ సరుకు బంద్. పండుగకు కొట్లు ఖాళీగా పెట్టుకోండి" అని గుమస్తా వెళ్లిపోయాడు.

ఆ రాత్రి తలుపులు వేసే వేళ పడమటి ఆసామి ఖాతా పుస్తకం చంకన పెట్టుకుని వీధి దాటాడు.

"అన్నా, నీ పుస్తకం ఒకసారి తియ్యి" అన్నాడు.

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టారు. 31 పేర్లలో 26 పేర్లు రెండింటిలోనూ ఉన్నాయి. తూర్పు ఆసామి పుట్టెడు దిగులులోనూ నవ్వాడు.

"లవంగాలు తీసి అమ్మాల్సింది తమ్ముడూ, అవే ఖరీదెక్కువ" అన్నాడు.

సోమవారం లోపల ఇద్దరూ కలిసి ఇల్లిల్లూ తిరిగారు. ఉన్నవాళ్లు ఉన్నంత ఇచ్చారు. లేనివాళ్లకు పండుగ దాటేదాకా గడువిచ్చారు. వచ్చినది సగం సగం పంచుకుని టోకు బాకీలో ముప్పాతిక కట్టారు. గుమస్తా మిగతాదానికి వారం ఆగాడు.

పలకల మీద పంచదార మళ్లీ 45 అయింది. చాక్లెట్లకు అలవాటు పడిన పిల్లలు రెండు రోజులు రెండు అరుగుల మీదా తిరిగి నిరాశతో వెళ్లిపోయారు. కాని మూడోనాడు తెల్లవారేసరికి పడమటి కొట్టు బల్ల పక్కన ఉచిత చలివేంద్రం కుండ ఒకటి కనిపించింది. పుష్యమాసపు చలిలో!

తూర్పు ఆసామి దానివంక చాలాసేపు చూసి, రెండు కుండలు తెమ్మని కుమ్మరివీధికి కబురు పంపాడు.