నీళ్లలోకి దిగిన ఎరుపు ఏం చెబుతుంది?

బీట్‌రూట్ ముక్కను చన్నీళ్లలో వేస్తే నీళ్లు వెంటనే ఎర్రబడతాయి. ఆ నీళ్లు పారబోసి కొత్తవి పోస్తే ఎరుపు తగ్గుతుంది. నాలుగైదు సార్లు కడిగాక రంగు దిగడం దాదాపు ఆగిపోతుంది, ముక్క మాత్రం ఎర్రగానే ఉంటుంది. అంటే మొదట వచ్చిన రంగు కత్తికి తెగిన కణాలది. తెగని కణాల్లో రంగు ఇంకా భద్రంగా ఉంది. అదే ముక్కను మరిగే నీళ్లలో వేస్తే ఆ భద్రత పోతుంది. ఎంత వేడికి, ఎంత మేరకు పోతుందో అంకెల్లో చెప్పడానికే ఈ ప్రయోగం.

ఆ రంగు పేరు బీటానిన్. అది కణం మధ్యలో ఉండే రిక్తికలో కరిగి ఉంటుంది. బయటికి రావాలంటే రెండు పొరలు దాటాలి: మొదట రిక్తిక చుట్టూ ఉన్నది, తర్వాత కణత్వచం. రెండూ ప్రధానంగా కొవ్వు అణువుల జంట వరుసలే, మధ్య మధ్య ప్రొటీన్లు ఉంటాయి. బీటానిన్ నీళ్లలో కరుగుతుంది కానీ కొవ్వులో ఇమడదు. అందుకే పొర బాగున్నంతకాలం రంగు లోపలే ఉంటుంది. పొరల వెలుపల ఉన్న కణకవచానికి సన్నటి రంధ్రాలు ఉంటాయి కాబట్టి అది రంగును ఆపదు.

కొలత ఎలా

కార్క్ బోరర్‌తో 8 మిల్లీమీటర్ల వ్యాసం గల స్తంభం తీసి, బ్లేడుతో 3 మి.మీ. మందంగా బిళ్లలు కోస్తాం. ఈ మందం దగ్గర చెయ్యి తడబడకూడదు. 3 మి.మీ. బిళ్ల ఘనపరిమాణం దాదాపు 151 ఘన మిల్లీమీటర్లు, 4 మి.మీ. బిళ్లది 201. ఒక్క మిల్లీమీటరు తేడాకే మూడో వంతు రంగు అదనంగా చేరిపోతుంది. దాన్ని వేడి ప్రభావం అనుకుంటే లెక్క మొత్తం తప్పుతుంది.

బిళ్లలను రంగు రాని వరకూ కడిగి, ఒక్కొక్కదాన్ని నిర్ణీత వేడి ఉన్న నీళ్లలో సరిగ్గా 1 నిమిషం ఉంచుతాం. తర్వాత గది వేడిలో ఉన్న 10 మి.లీ. స్వేదనజలంలోకి మార్చి 20 నిమిషాలు ఆగుతాం. బిళ్ల తీసేసి, పరీక్షనాళికను కుదిపి, ద్రవాన్ని కలరీమీటర్‌లో పెడతాం. బీటానిన్ ఎక్కువగా మింగేది 535 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని, అంటే ఆకుపచ్చని. కాబట్టి ఆకుపచ్చ ఫిల్టరే వాడాలి. ఎరుపు ఫిల్టర్ పెడితే ఎర్రటి ద్రవం కూడా దాదాపు తేటనీరులాగే కనిపిస్తుంది.

కలరీమీటర్ ఇచ్చే అంకెను శోషణ అంటారు. శోషణ 0.30 అయితే సగం కాంతి దాటింది, 1.00 అయితే పదో వంతే దాటింది. దాటిన కాంతి శాతం రంగు గాఢతతో సూటిగా మారదు. శోషణ మాత్రం, మరీ చిక్కగా లేని ద్రవాల్లో, గాఢత రెట్టింపైతే తానూ రెట్టింపవుతుంది. అందుకే గ్రాఫు శోషణతోనే గీయాలి.

వేడి అంకెలు చదవడం

చదివే పద్ధతి తెలియడానికి నేను వేసుకున్న నమూనా అంకెలివి. ఒక్కో వేడికి మూడు బిళ్లల సగటు అనుకుందాం.

| వేడి (డిగ్రీల సెల్సియస్) | శోషణ |
|---|---|
| 30 | 0.05 |
| 40 | 0.07 |
| 50 | 0.16 |
| 60 | 0.58 |
| 70 | 0.90 |
| 80 | 0.94 |

60 డిగ్రీల దగ్గర మూడు బిళ్లలు విడివిడిగా 0.52, 0.58, 0.64 ఇచ్చాయనుకుందాం. ఒకే వేడిలోనే 0.12 తేడా ఉంది. అలాంటప్పుడు 30కీ 40కీ మధ్య 0.02, 70కీ 80కీ మధ్య 0.04 తేడాలను చూసి ఏమీ తేల్చలేం. 50 నుంచి 60కి పెరిగిన 0.42 మాత్రం నిజమైన మార్పు. 40 నుంచి 50కి డిగ్రీకి 0.009 చొప్పున పెరిగింది, 50 దాటాక డిగ్రీకి 0.042. దాదాపు అయిదు రెట్ల వేగం. వేడికి కొవ్వు వరుసలు వదులవుతాయి, పొరలోని ప్రొటీన్లు మడతలు విప్పుకుని ఆకారం కోల్పోతాయి. రెండూ కలిసి దారి తెరుస్తాయి. అందులో ఏది ఎంత అన్నది ఈ ప్రయోగం విడదీసి చెప్పలేదు.

70 తర్వాత గీత ఎందుకు చదునైంది? దీనికి ఇంకో బిళ్ల కావాలి. దాన్ని డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి కరిగిస్తే మంచు స్ఫటికాలు పొరలను చీల్చేస్తాయి. దాని రంగంతా 10 మి.లీ. నీళ్లలోకి దిగాక శోషణ 0.96 వచ్చిందనుకుందాం. బిళ్లలో ఉన్న మొత్తం రంగు అదే. 70 దగ్గర 94 శాతం అప్పటికే బయటికి వచ్చేసింది. గీత చదునైంది పొరలు తట్టుకున్నందువల్ల కాదు, కారడానికి రంగు మిగలనందువల్ల.

60 దగ్గర లెక్క 60 శాతం. ఇక్కడే చాలామంది తొందరపడి "60 శాతం కణాలు చచ్చిపోయాయి" అని రాస్తారు. కానీ కొన్ని కణాలు పూర్తిగా తెరుచుకున్నా, అన్ని కణాలూ కొంచెంకొంచెంగా కారుతున్నా 20 నిమిషాలకు అదే అంకె రావచ్చు. తేల్చుకోవాలంటే బిళ్లను అదే నీళ్లలో ఉంచి 40, 60 నిమిషాలకు మళ్లీ కొలవాలి. 0.58 దగ్గరే నిలిచిపోతే మొదటిది, పెరుగుతూ పోతే రెండోది.

సారా దగ్గర గీత ఎందుకు వంగుతుంది

వేడి బదులు ఇథనాల్ వాడినప్పుడు కడిగిన బిళ్లలను 0, 10, 20, 30, 40, 50 శాతం ద్రావణాల్లో 15 నిమిషాలు ఉంచుతాం. ల్యాబ్‌లో 95 శాతం స్పిరిట్ ఉంటే, 4.2 మి.లీ. తీసుకుని నీళ్లతో 10 మి.లీ. చేస్తే 40 శాతం ద్రావణం వస్తుంది. దగ్గర్లో మంట ఉండకూడదు. కలరీమీటర్‌ను సున్నా చేసేటప్పుడు వట్టి నీళ్లు కాకుండా అదే శాతం ఇథనాల్ వాడాలి.

ఇథనాల్ అణువు చిన్నది. ఒక కొస నీళ్లతో, ఇంకో కొస కొవ్వుతో కలుస్తుంది. అది పొరలోకి దూరి కొవ్వు అణువుల వరుసను చెదరగొడుతుంది, ప్రొటీన్లనూ పాడుచేస్తుంది. శాతం పెరిగేకొద్దీ శోషణ పెరుగుతుంది. కానీ 95 శాతం లేదా శుద్ధ ఇథనాల్ దగ్గరికి వచ్చేసరికి అంకె ఒక్కోసారి తగ్గుతుంది. పొర కోలుకుందని దానికి అర్థం కాదు. బీటానిన్ ఇథనాల్‌లో సరిగా కరగదు, పైగా ఇథనాల్ నీటిని లాగేయడంతో బిళ్ల కుంచించుకుని గట్టిపడుతుంది. దారి తెరిచే ఉన్నా రంగు కదల్లేక లోపల చిక్కుకుంటుంది. సరిచూసుకోవడం తేలికే: ఆ బిళ్లను తీసి మంచినీళ్లలో వేయండి. ఎరుపు జోరుగా దిగితే పొర ఎప్పుడో తెగిపోయిందన్నమాట.

వేడి వైపూ ఇలాంటి చిక్కు ఒకటుంది. బిళ్లను 1 నిమిషం కాకుండా అదే వేడినీళ్లలో చాలాసేపు మరిగిస్తే బీటానిన్ విరిగిపోయి, ద్రవం ఎరుపు నుంచి గోధుమ, పసుపు ఛాయలకు మారుతుంది. ఆకుపచ్చ ఫిల్టర్ దగ్గర శోషణ పడిపోతుంది. అప్పుడు అంకెను నమ్మేముందు నాళికను వెలుగుకు ఎత్తి కంటితో చూడాలి. ఛాయ మారకుండా పలచబడితే రంగు తక్కువగా దిగినట్టు. ఛాయే మారితే దిగిన రంగు పాడైనట్టు. పొర సంగతి ఆ అంకె ఇక చెప్పలేదు.