సగం షేర్లు అమ్మితే... లాభం ఎంత?

డిగ్రీ చదువుతూనే నెలకు కొంత దాచి షేర్లు కొంటున్నవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఒకే కంపెనీవి మూడుసార్లు కొని, కోచింగ్ ఫీజు కోసమో హాస్టల్ అడ్వాన్స్ కోసమో వాటిలో కొన్ని అమ్ముతారు. మర్నాడు యాప్ తెరిస్తే మిగిలిన షేర్ల సగటు కొనుగోలు ధర మారిపోయి ఉంటుంది. ‘కొత్తగా ఏమీ కొనలేదు కదా, రూ.590 ఉన్నది రూ.625 ఎలా అయింది?’ అని కంగారు పడతారు.

యాప్‌లో తప్పేమీ లేదు. ఏ షేరు ముందు పోయింది, ఏది మిగిలింది అన్న లెక్క అందులో ఉంది. క్యాపిటల్ గెయిన్స్ లెక్క మొదలయ్యేదీ అక్కడే. ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గరో, బ్రోకింగ్ సంస్థ బ్యాక్ ఆఫీసులోనో ఉద్యోగానికి వెళ్లే కామర్స్ విద్యార్థులకు ఇది చేతికి రావాల్సిన లెక్క. ఒక ఉదాహరణతో చేసి చూద్దాం.

మూడు కొనుగోళ్లు, ఒక అమ్మకం

ఒక కంపెనీ షేర్లను ఒకే డీమ్యాట్ ఖాతాలో ఇలా కొన్నారనుకుందాం.

- మొదటి లాట్: 2024 జూన్ 10న 40 షేర్లు, ఒక్కోటి రూ.500
- రెండో లాట్: 2024 డిసెంబరు 20న 30 షేర్లు, ఒక్కోటి రూ.700
- మూడో లాట్: 2025 సెప్టెంబరు 10న 30 షేర్లు, ఒక్కోటి రూ.600

మొత్తం 100 షేర్లు, పెట్టుబడి రూ.59,000. సగటు ధర రూ.590. వీటిలో 60 షేర్లను 2025 డిసెంబరు 15న రూ.800 చొప్పున అమ్మారు.

ఇక్కడ చాలామంది చేసే పని, 800లోంచి 590 తీసేసి 60తో గుణించడం. లాభం రూ.12,600 వస్తుంది. ఇది తప్పు. డీమ్యాట్‌లో ఉన్న షేర్లకు ఆదాయపు పన్ను చట్టం సగటు ధరను ఒప్పుకోదు. ముందు కొన్నవే ముందు అమ్మినట్టు లెక్క. దీన్నే ‘ఫస్ట్ ఇన్ ఫస్ట్ అవుట్’ లేదా ఫిఫో అంటారు. ‘నేను అమ్మింది మూడో లాట్’ అని మనం ఎంచుకునే వీలు లేదు.

కాబట్టి అమ్మిన 60లో మొదటి లాట్‌లోని 40 మొత్తం పోయాయి. మిగతా 20 రెండో లాట్ నుంచి పోయాయి. ఖాతాలో ఇప్పుడున్నవి రెండో లాట్‌లో 10, మూడో లాట్‌లో 30. వాటి ఖరీదు రూ.7,000, రూ.18,000 కలిపి రూ.25,000. నలభైతో భాగిస్తే రూ.625. యాప్ చూపించిన అంకె ఇదే!

ఫిఫోను ప్రతి డీమ్యాట్ ఖాతాకూ విడిగా చూస్తారు. రెండు బ్రోకర్ల దగ్గర రెండు ఖాతాలుంటే, ఏ ఖాతా నుంచి అమ్మారో ఆ ఖాతాలోని పాత లాటే ముందు పోతుంది.

అయిదు రోజుల తేడా

ఎక్స్ఛేంజీలో లిస్టయిన షేరును 12 నెలలకు మించి ఉంచుకుని అమ్మితే అది దీర్ఘకాలిక లాభం. అంతకంటే తక్కువైతే స్వల్పకాలికం. తేదీలను బ్రోకర్ ఇచ్చే కాంట్రాక్ట్ నోట్ ప్రకారం తీసుకోవాలి. షేర్లు డీమ్యాట్‌లోకి వచ్చిన రోజో, డబ్బు బ్యాంకులో పడిన రోజో కాదు.

మన ఉదాహరణలో మొదటి లాట్‌కు ఏడాదిన్నర నిండింది, అది దీర్ఘకాలికం. రెండో లాట్‌కు ఏడాది నిండడానికి ఇంకా అయిదు రోజులుంది. అందుకే ఆ 20 షేర్ల మీద వచ్చింది స్వల్పకాలిక లాభం. అంటే ఒకే రోజు, ఒకే ఆర్డరులో అమ్మినా లెక్క మాత్రం రెండు ముక్కలైంది. సగటు ధరతో చేస్తే ఈ తేడా అసలు బయటపడదు.

ఏ ఖర్చు తీసేయాలి?

బ్రోకరేజీ, దాని మీద జీఎస్టీ, ఎక్స్ఛేంజీ లావాదేవీ ఛార్జీలు, కొనేటప్పుడు పడే స్టాంపు డ్యూటీ... వీటిని లెక్కలోకి తీసుకోవచ్చు. కొన్నప్పటి ఖర్చును కొనుగోలు ధరకు కలపాలి. అమ్మినప్పటి ఖర్చును అమ్మకం సొమ్ములోంచి తీసేయాలి. కానీ సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్ (ఎస్‌టీటీ)ని మాత్రం తీసేయకూడదు. కాంట్రాక్ట్ నోట్ అడుగున ఉన్న మొత్తం ఛార్జీలను గుడ్డిగా తీసేసుకుంటే ఎస్‌టీటీ కూడా అందులో కలిసిపోతుంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

ఎస్‌టీటీ కాకుండా మొదటి లాట్ ఖర్చు రూ.40, రెండో లాట్‌ది రూ.45, అమ్మకానిది రూ.90 అనుకుందాం. షేరుకు ఇవి వరుసగా రూ.1, రూ.1.50, రూ.1.50. రెండో లాట్‌లో 20 షేర్లే అమ్మాం కాబట్టి దాని ఖర్చులో రూ.30 మాత్రమే ఇప్పుడు వాడాలి. మిగతా రూ.15 ఆ పది షేర్లతోపాటే ఉంటుంది. ఒకే రోజు రెండు మూడు కంపెనీల షేర్లు కొనుంటే, ఉమ్మడి ఖర్చును వాటి విలువల నిష్పత్తిలో పంచాలి.

ఇప్పుడు లెక్క పూర్తి చేద్దాం.

దీర్ఘకాలికం: 40 షేర్ల అమ్మకం రూ.32,000. అమ్మకం ఖర్చు రూ.60 పోను రూ.31,940. కొన్న ఖరీదు ఖర్చుతో కలిపి రూ.20,040. లాభం రూ.11,900.

స్వల్పకాలికం: 20 షేర్ల అమ్మకం రూ.16,000. అమ్మకం ఖర్చు రూ.30 పోను రూ.15,970. కొన్న ఖరీదు రూ.14,030. లాభం రూ.1,940.

పన్ను ఎంత పడుతుంది?

2025-26 ఆర్థిక సంవత్సరానికి, ఎస్‌టీటీ కట్టిన షేర్ల మీద దీర్ఘకాలిక లాభాల మొత్తం ఏడాదికి రూ.1.25 లక్షల వరకు పన్ను లేదు. ఆపైన 12.5 శాతం. కాబట్టి ఆ రూ.11,900 మీద పైసా కట్టక్కర్లేదు. స్వల్పకాలిక లాభానికి ఇలాంటి మినహాయింపు లేదు, 20 శాతం కట్టాలి. రూ.1,940 మీద రూ.388, దానిపై 4 శాతం సెస్సు కలిపితే దాదాపు రూ.404. మిగిలిన పది, ముప్ఫై షేర్ల మీద లాభం కనిపిస్తున్నా, అమ్మేదాకా వాటికి పన్ను లేదు.

అయితే వేరే ఆదాయమేదీ లేని విద్యార్థికి ఈ రూ.404 కూడా పడదు. కొత్త పన్ను విధానంలో రూ.4 లక్షల ప్రాథమిక మినహాయింపు ఉంది. అందులో వాడుకోని భాగాన్ని దేశంలో నివసించేవారు ఈ లాభంతో సర్దుబాటు చేసుకోవచ్చు. ఉద్యోగం వచ్చాక జీతం ఆ పరిమితి దాటితే పరిస్థితి వేరు. ‘రూ.12 లక్షల వరకు పన్ను లేదట కదా’ అనుకుంటారు గానీ, ఆ రిబేటు ఈ స్వల్పకాలిక లాభం మీది పన్నుకు వర్తించదు. జీతం తక్కువున్నా 20 శాతం కట్టాల్సి వచ్చేది అందుకే.

మరి ఆ 20 షేర్లను ఇంకో వారం ఆగి, డిసెంబరు 22న అమ్మి ఉంటే? అవీ దీర్ఘకాలికమై పన్ను సున్నా అయ్యేది. కానీ ఆ వారంలో షేరు ధర రూ.20 పడినా అంతకంతా పోయేది. అందుకే తేదీ చూసుకోవాలి గానీ తేదీ ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకూడదు.

సరిపోయిందా?

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో తేల్చుకోవడం తేలిక. అమ్మిన లాట్ల ఖరీదుకు మిగిలినవాటి ఖరీదు కలిపితే మొదటి పెట్టుబడి రావాలి. ఇక్కడ రూ.34,000, రూ.25,000 కలిపితే రూ.59,000. సరిపోయింది. రాకపోతే ఏదో ఒక లాట్‌ను రెండుసార్లు వాడారనో, ఒకటి వదిలేశారనో అర్థం.

బ్రోకర్ ఇచ్చే ట్యాక్స్ రిపోర్టును కూడా ఇలాగే సరిచూడండి. ముఖ్యంగా వేరే ఖాతా నుంచి బదిలీ చేసుకున్న షేర్లుంటే కొన్న తేదీ, ధర కాలమ్‌లు చూడండి. అక్కడ ఖాళీయో సున్నానో ఉంటే, అమ్మిన సొమ్మంతా లాభంగా కనిపిస్తుంది. పాత కాంట్రాక్ట్ నోట్లను దాచుకోవాల్సింది ఇందుకే.