మీకు తెలుసా? సర్కారు దవాఖాన క్యూ ముందు, ప్రైవేటు క్యూ చివర

హైదరాబాద్‌కు కొత్తగా వచ్చినవాళ్లు సాధారణంగా అడిగే ప్రశ్న, గాంధీకి పోవాలా, ఏదైనా కార్పొరేట్ ఆసుపత్రికి పోవాలా అని. జవాబుకు ముందు ఒక ఉదాహరణ ఊహించుకుందాం. గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని జహీరాబాద్ డాక్టరు చెప్పి పంపిన మనిషి ఒకడు నగరంలో బస్సు దిగాడు. ప్రాణం మీదికి రాలేదు, నొప్పి వచ్చి పోతోంది, ఆపరేషన్ మాత్రం తప్పదు.

ఓపీ చిట్టీ మీద యూనిట్ నంబరు ఎందుకుంటుంది?

గాంధీ, ఉస్మానియా బోధనాసుపత్రులు. అంటే జనరల్ సర్జరీ, మెడిసిన్ లాంటి పెద్ద విభాగాల్లో డాక్టర్లు యూనిట్లుగా విడిపోయి ఉంటారు. ఒక్కో యూనిట్‌కు ఒక ప్రొఫెసర్, ఆయన కింద అసిస్టెంట్లు, పీజీలు. వారంలో ఒక్కో రోజు ఒక్కో యూనిట్ ఓపీ చూస్తుంది. మన జహీరాబాద్ మనిషి సోమవారం పొద్దున్నే లైన్లో నిలబడి చిట్టీ తీసుకుంటే, ఆ సోమవారం కూర్చున్న యూనిట్ పేషెంటు అయిపోతాడు. స్కానింగ్, రక్తపరీక్షలు రాస్తారు. రిపోర్టులు చేతికి వచ్చేసరికి బుధవారం అవుతుంది. వెంటనే పరుగెత్తుకెళ్తే అక్కడ వేరే యూనిట్ ఉంటుంది. "మీది మా యూనిట్ కాదు, సోమవారం రండి" అంటారు. జనం దీన్ని తిప్పించుకోవడం అనుకుంటారు గానీ, ఆపరేషన్ చేయబోయే జట్టే రిపోర్టు చూడాలి కదా. చిట్టీ మీద యూనిట్ నంబరు లేదా డాక్టరు పేరు చదువుకుని, మళ్లీ ఏ రోజు రావాలో అక్కడే అడిగి రాసుకుంటే ఒక బస్సు చార్జీ, ఒక రోజు కూలీ మిగులుతాయి.

ఆ తర్వాత మత్తు డాక్టరు ఫిట్‌నెస్ చూడాలి, ఆపరేషన్ తేదీ రావాలి. క్యాన్సర్లు, అత్యవసర కేసులు ముందుకు జరిగితే రాళ్ల కేసు వెనక్కి పోతుంది. డబ్బు పెద్దగా కాదు, రోజులు ఖర్చవుతాయి. రక్తం శాంపిల్ ల్యాబ్‌కు, రిపోర్టు వార్డుకు తిప్పే పని చాలాసార్లు వెంట వచ్చినవాళ్ల మీదే పడుతుంది కాబట్టి ఒంటరిగా వెళ్లకూడదు. వెంట ఉన్నవాళ్ల తిండి కోసం పెద్ద సర్కారు దవాఖానల దగ్గర 5 రూపాయల భోజనం 2022లో మొదలైంది.

అన్నిటికీ గాంధీయేనా?

కాదు. పిల్లలకు నీలోఫర్, కాన్పులకు కోఠి, పేట్ల బురుజు, కంటికి మెహిదీపట్నం సరోజినీదేవి, ఛాతీకి ఎర్రగడ్డ, జ్వరాలకు నల్లకుంట, క్యాన్సర్‌కు ఎం.ఎన్.జె. తప్పు గేటు దగ్గర రెండు గంటలు నిలబడ్డాక ఈ సంగతి తెలియడం బాధాకరం.

పంజాగుట్ట నిమ్స్ సంగతి వేరు. పేరుకు సర్కారుదే, కానీ స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థ, అక్కడ వైద్యానికి డబ్బు కట్టాలి. కార్పొరేట్ కన్నా తక్కువే అయినా ఉచితం అనుకుని ఖాళీ జేబుతో వెళ్తే ఇబ్బంది. ఆరోగ్యశ్రీ ఉంటే ఆ దారిలో చేర్చుకుంటారు.

ఆరోగ్యశ్రీని చేరాక చూపిస్తే సరిపోతుందా?

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. అంకె పెద్దదే, కానీ ఇది నగదు రహిత పథకం. ముందు డబ్బు కట్టేసి తర్వాత బిల్లులు పెట్టి తీసుకునేది కాదు. అత్యవసరం కాని ఆపరేషన్‌కు ముందస్తు అనుమతి రావాలి. అందుకే ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్ కన్నా ముందు ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి పోవాలి. మూడు ప్రశ్నలు అడగాలి: ఈ ఆసుపత్రి జాబితాలో ఉందా, ఈ విభాగానికి ఉందా, ఈ చికిత్స ఇక్కడ చేయవచ్చా. మూడోది ముఖ్యం, ఎందుకంటే కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారు. పథకం కింద చేరితే డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు కూడా ప్యాకేజీలోవే. చాలామంది అడగరు, అందుకే అందవు.

సొంత డబ్బు కట్టి చేరినవాళ్లకు మిగిలేది ముఖ్యమంత్రి సహాయనిధి. దానికి అసలు బిల్లులు కావాలి, అందులో కట్టినదంతా రాదు.

గది మారితే బిల్లంతా ఎందుకు మారుతుంది?

మన మనిషికి ఉద్యోగం ఉండి, 5 లక్షల బీమా ఉందనుకుందాం. పాలసీలో గది అద్దె పరిమితి ఒక శాతం, అంటే రోజుకు 5,000. "మూడు వేలే కదా తేడా" అని 8,000 గది తీసుకుని నాలుగు రోజులు ఉన్నాడు. గదికి 32,000, సర్జన్, మత్తు, థియేటర్, నర్సింగ్ కలిపి 1,20,000, మందులు, పరీక్షలు 40,000. మొత్తం 1,92,000.

బీమా కంపెనీ గది తేడా 12,000 మాత్రమే కోస్తుందని అతని నమ్మకం. కానీ చాలా ఆసుపత్రుల్లో గది తరగతి పెరిగితే సర్జన్ ఫీజూ, థియేటర్ చార్జీ కూడా పెరుగుతాయి. అందుకే కంపెనీ ఆ ఖర్చులను కూడా అదే నిష్పత్తిలో, అంటే ఎనిమిదింట అయిదు వంతులకు తగ్గిస్తుంది. గదికి 20,000, సర్జన్ పద్దుకు 75,000 వస్తాయి. మందులకు, పరీక్షలకు ఈ కోత వర్తించదు కాబట్టి 40,000 పూర్తిగా వస్తుంది. కంపెనీ ఇచ్చేది 1,35,000, జేబులోంచి పోయేది 57,000. గదిని బట్టి రేట్లు మారని ఆసుపత్రిలో ఈ కోత పెట్టకూడదని నిబంధన. ఐసీయూ చార్జీలకూ పెట్టకూడదు. గదిని బట్టి రేట్లు మారతాయా అని ముందే అడిగి, అంచనా బిల్లు రాతపూర్వకంగా తీసుకోవాలి. రోజుకు 5,000 దాటిన మామూలు గదికి 5 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, ఆ లెక్క ఇందులో కలపలేదు.

డిశ్చార్జి రాశాక మంచం మీద ఎందుకు కూర్చోబెడతారు?

ప్రైవేటులో చేరేటప్పుడు క్యూ కనిపించదు, బీమా ఉంటే అది చివర్లో ఎదురవుతుంది. పొద్దున పదింటికి డాక్టరు "ఇంటికి పోవచ్చు" అంటాడు, సాయంత్రం దాకా కదలనివ్వరు. ఫార్మసీ, ల్యాబ్, వార్డు పద్దులు ముగియాలి, తుది బిల్లు కంపెనీకి పోవాలి, అక్కడ ఎవరో చదివి ఒప్పుకోవాలి. 2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అభ్యర్థన అందిన మూడు గంటల్లోగా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి. ఆలస్యమై ఆసుపత్రి అదనంగా ఏమైనా వేస్తే దాన్ని కంపెనీయే భరించాలి.

ఇక్కడ మెలిక ఒకటుంది. గడియారం మొదలయ్యేది డాక్టరు నోటి మాటతో కాదు, ఆసుపత్రి అభ్యర్థన కంపెనీకి చేరినప్పటి నుంచి. చాలా ఆలస్యం ఆసుపత్రి లోపలే, బిల్లు తయారయ్యే దశలోనే జరుగుతుంది. ఇన్సూరెన్స్ డెస్కు దగ్గరికెళ్లి "ఫైలు ఎన్నింటికి పంపారు?" అని అడిగి ఆ సమయం రాసుకోండి. అలాగే ముందు రోజు సాయంత్రమే వార్డు నర్సును అడిగి, వాడని మందులు ఫార్మసీకి తిప్పి పంపించి బిల్లు తగ్గించమనండి.