రద్దు నోటీసుకు జవాబు ఉత్తరం కాదు, రిటర్ను

గుంటూరులో రెడీమేడ్ బట్టల కొట్టు నడిపే వ్యాపారి ఒకాయన ఉన్నారనుకుందాం. ఏడాదికి యాభై లక్షల దాకా అమ్మకం, నెలనెలా జీఎస్టీ రిటర్ను. వేసవిలో లెక్కలు రాసే గుమాస్తా మానేయడంతో ఏప్రిల్ రిటర్ను ఆగిపోయింది. వచ్చే నెల రెండూ కలిపి వేద్దామనుకున్నారు. అలా అనుకుంటూనే సెప్టెంబరు కూడా దాటింది. నవంబరు 10న సూరత్ టోకు వ్యాపారికి చీరల ఆర్డరు చెబితే అవతలి నుంచి వచ్చిన మాట ఇది: “మీ జీఎస్టీ నంబరు సస్పెండ్ అని చూపిస్తోందండీ, బిల్లు ఎలా వేయమంటారు?”

నోటీసు రాలేదా అంటే, వచ్చింది. కాకపోతే ఆయనకు కాదు. రిజిస్ట్రేషన్ చేయించిన రోజున ఫారంలో పెట్టిన ఈమెయిలు, ఫోను నంబరు అకౌంటెంటువి. చిన్న వ్యాపారుల్లో ఇది మామూలే. ఓటీపీల కోసం ప్రతిసారీ ఫోను చేయనక్కర్లేదని అకౌంటెంటుకూ అదే సుఖం. ఆ అకౌంటెంటుతో సంబంధం తెగిపోయాక శాఖ పంపినవన్నీ ఆ ఫోనుకే పోతూ ఉంటాయి. పోర్టల్లో పెట్టిన నోటీసు కూడా అందినట్టేనని చట్టంలోని 169వ సెక్షన్ చెబుతుంది కాబట్టి “నేను చూడలేదు” అన్న మాట సాధారణంగా నిలవదు. పోర్టల్లోకి వెళ్లి Services > User Services > View Notices and Orders నొక్కితే నోటీసు అక్కడ కనిపిస్తుంది.

దాని పేరు జీఎస్టీ రెగ్-17. రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని అడిగే షోకాజ్ నోటీసు అది. నెలవారీ రిటర్ను వేసేవారు వరుసగా ఆరు నెలలు ఆపినా, మూడు నెలలకోసారి వేసేవారు వరుసగా రెండు త్రైమాసికాలు ఆపినా ఈ నోటీసు ఇవ్వవచ్చు. కాంపొజిషన్ పథకంలో ఉన్నవారైతే వార్షిక రిటర్ను గడువు దాటి మూడు నెలలైనా వేయకపోతే చాలు. నోటీసుతోపాటే రిజిస్ట్రేషన్ సస్పెండ్ అవుతుంది. అప్పటినుంచి పన్ను బిల్లు ఇవ్వకూడదు, అమ్మకం మీద జీఎస్టీ వసూలు చేయకూడదు. సూరత్ వ్యాపారికి కనిపించింది ఇదే. ఇది రద్దు కాదు. ఈ తేడా తెలియక కొందరు “ఎలాగూ పోయింది కదా” అని చేతులు దులుపుకుంటారు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

జవాబుకు గడువు ఏడు పనిదినాలు. రెగ్-18 అనే ఫారంలో వివరణ ఇవ్వాలి. ఒంట్లో బాగాలేదనో, గుమాస్తా మానేశాడనో, బేరాలు లేవనో రాసి పంపి ఊరుకునేవారే ఎక్కువ. రిటర్నులు వేయకుండా వివరణ ఒక్కటే ఇస్తే అధికారికి నోటీసు ఎత్తేసే దారి దాదాపు ఉండదు. అదే వివరణ సంగతి పక్కనపెట్టి, ఆగిన రిటర్నులన్నీ వేసి, పన్ను, వడ్డీ, ఆలస్య రుసుము మొత్తం కట్టేస్తే అధికారి రద్దు ప్రక్రియను ఆపి రెగ్-20 ఉత్తర్వు ఇవ్వాలి. 22వ రూల్లో ఆ మాట స్పష్టంగా ఉంది. రిటర్నుల వల్ల వచ్చిన సస్పెన్షన్ కూడా బకాయిలన్నీ వేయగానే తొలగిపోయే ఏర్పాటు ఉంది.

వేయడానికి ఒక వరుస ఉంది. ముందు ఏప్రిల్ అమ్మకాల వివరాలు, అంటే జీఎస్టీఆర్-1. తర్వాత ఏప్రిల్ జీఎస్టీఆర్-3బి. ఆ తర్వాతే మే. ముందు నెల తేలకుండా పోర్టల్ తర్వాతి నెలను తీసుకోదు. అందుకే చివరి రోజు రాత్రి కూర్చుంటే పని కాదు. ఆరు నెలల కొనుగోలు, అమ్మకం బిల్లులు ముందే నెలలవారీగా కట్టలు కట్టి పెట్టుకోవాలి.

ఇక డబ్బు. గుంటూరు వ్యాపారి నవంబరు 17న అన్నీ వేశారనుకుందాం. 3బి ఆలస్యానికి రుసుము రోజుకు 50 రూపాయలు. ఏప్రిల్ రిటర్ను గడువు మే 20. అప్పటినుంచి 181 రోజులైంది కాబట్టి 9,050 అవుతుందని గుండె గుభేలుమంటుంది. కానీ ఏడాది టర్నోవరు కోటిన్నర లోపు ఉన్నవారికి ఒక్కో రిటర్నుకు 2,000 రూపాయలు మించకూడదన్న పరిమితి ఉంది. అలా ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అయిదింటికి 10,000. సెప్టెంబరుకు 28 రోజులే కనుక 1,400. మొత్తం 11,400 రూపాయలు. దీనికి తోడు కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుంది. ఏప్రిల్‌లో ఇన్‌పుట్ క్రెడిట్ పోను నగదుగా కట్టాల్సింది 4,000 అయితే, దాని మీద వడ్డీ సుమారు 357 రూపాయలు.

ఆ నెలల్లో కొట్టే మూసి ఉండి అమ్మకమూ కొనుగోలూ ఏమీ లేకపోతే లెక్క ఇంకా తేలిక. నిల్ రిటర్నుకు రుసుము రోజుకు 20 రూపాయలు, ఒక్కోదానికి 500 మించదు. ఆరింటికీ కలిపి 3,000. నిల్ 3బిని రిజిస్టరైన ఫోను నుంచి 14409 నంబరుకు ఎస్సెమ్మెస్‌గా కూడా వేయవచ్చు. అమ్మకం లేదు కాబట్టి రిటర్నూ అక్కర్లేదనుకోవడం ఈ నోటీసులు తెచ్చిపెట్టే పెద్ద అపోహ.

నోటీసు గడువు జారిపోతే రెగ్-19 ఉత్తర్వుతో రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అప్పుడూ దారి ఉంది గానీ పొడవు పెరుగుతుంది. ఉత్తర్వు అందిన 90 రోజుల్లో రెగ్-21 ద్వారా పునరుద్ధరణ కోరాలి. తగిన కారణం చూపితే పై అధికారి మరో 180 రోజుల వరకు పొడిగించవచ్చు. రద్దు తేదీ వరకు ఉన్న రిటర్నులన్నీ వేసి, బకాయి కట్టాకే ఆ దరఖాస్తు పెట్టాలి. పునరుద్ధరించాక, మధ్యకాలపు రిటర్నులను 30 రోజుల్లో వేయాలి.

ఆ గడువులూ దాటినవారు హైకోర్టు మెట్లెక్కాల్సి వస్తోంది. సుగుణ కట్‌పీస్ సెంటర్ కేసులో 2022 జనవరి 31న మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పును ఇలాంటి పిటిషన్లలో ఆ తర్వాత తరచూ ఉదహరించారు. వ్యాపారులను వ్యవస్థ బయటే ఉంచేస్తే ఒరిగేదేమీ లేదని కోర్టు భావించి పునరుద్ధరణకు అవకాశమిచ్చింది. అయితే ఉచితంగా కాదు. పాత రిటర్నులన్నీ వేయాలి, పన్ను, వడ్డీ, రుసుము కట్టాలి, ఖాతాలో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను ఆ చెల్లింపుకు వాడకూడదు. అంటే ఏడు రోజుల్లో కట్టాల్సిందే, వకీలు ఫీజుతో కలిపి, తర్వాత కట్టడం.

నిజంగానే వ్యాపారం మానేసినవారి సంగతి వేరు. వారికి పునరుద్ధరణ అక్కర్లేదు. కానీ రిజిస్ట్రేషన్ రద్దయినంత మాత్రాన పాత బకాయి చెరిగిపోదు. రద్దు తేదీకి ముందున్న కాలానికి పన్ను బాధ్యత అలాగే ఉంటుందని 29వ సెక్షన్ చెబుతుంది. కొట్టులో మిగిలిన సరుకు మీద తీసుకున్న క్రెడిట్‌నూ లెక్కగట్టి తిరిగి చెల్లించాలి. ఆ లెక్క చూపేది జీఎస్టీఆర్-10 అనే చివరి రిటర్ను. రద్దు తేదీ, ఉత్తర్వు తేదీల్లో ఏది తర్వాతైతే అప్పటినుంచి మూడు నెలల్లో దాన్ని వేయాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల చొప్పున 10,000 దాకా రుసుము పడుతుంది.